ఏడాదికి 17 లక్షలు.. నెలకి చేతికొచ్చేది ఎంత?

హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ ఆఫర్ లెటర్ ఇచ్చింది. సీటీసీ ఏడాదికి 17 లక్షలు. పన్నెండుతో భాగిస్తే నెలకి లక్షా నలభై ఒక్క వేలు దాటుతుంది. ఆ లెక్కతోనే ఇంటి అద్దె, కారు వాయిదా ఖాయం చేసుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. బ్యాంకులో పడే మొత్తం మాత్రం లక్షా అయిదు వేల దగ్గరే ఆగుతుంది. మధ్యలో 36 వేలకు పైగా ఎటు పోయిందో తెలియాలంటే లెటర్ చివర ఉండే జీతం పట్టిక చూడాలి.

సీటీసీ అంటే మన కోసం కంపెనీ పెట్టే మొత్తం ఖర్చు. అందులో నెలనెలా రాని సొమ్ము చాలా ఉంటుంది. మన ఉదాహరణలో పనితీరును బట్టి ఇచ్చే బోనస్ 1,39,000. కంపెనీ తన వాటాగా కట్టే పీఎఫ్ 86,400. గ్రాట్యుటీ కోసం పక్కన పెట్టేది 34,615. ఈ మూడూ తీసేస్తే మిగిలేది దాదాపు 14,40,000. అసలు గ్రాస్ జీతం ఇదే, నెలకి 1,20,000. అందులో బేసిక్ సగం, అంటే 60,000 అనుకుందాం. లెక్క మొదలుపెట్టాల్సింది సీటీసీ నుంచి కాదు, ఈ గ్రాస్ నుంచి.

ఇందులోంచి మొదటి కోత పీఎఫ్. బేసిక్, డీఏ కలిపి దాని మీద 12 శాతం. ఇక్కడ డీఏ లేదు కాబట్టి 60,000 మీద 7,200. అయితే చట్టం తప్పనిసరి చేసింది 15,000 జీతం వరకే. అందుకే కొన్ని కంపెనీలు 12 శాతాన్ని ఆ పదిహేను వేల మీదే లెక్కగట్టి 1,800 మాత్రమే పట్టుకుంటాయి. ఒకే గ్రాస్, ఒకే బేసిక్ ఉన్న ఇద్దరికి నెలకి 5,400 తేడా రావడానికి కారణం ఇదే. ఆఫర్ తీసుకునేటప్పుడు హెచ్‌ఆర్‌ని అడగాల్సిన మొదటి ప్రశ్న, పీఎఫ్ పూర్తి బేసిక్ మీదా, 15,000 మీదా అని. నా మటుకు నేను పూర్తి బేసిక్ వైపే మొగ్గుతాను. మన 7,200కి కంపెనీ మరో 7,200 కలుపుతుంది, ఆ డబ్బు మన పేరు మీదే పోగవుతుంది.

రెండోది వృత్తి పన్ను. తెలంగాణలోనైనా ఆంధ్రప్రదేశ్‌లోనైనా జీతం 20,000 దాటితే నెలకి 200. ఢిల్లీ, నోయిడాల్లో ఉద్యోగమైతే ఇది ఉండదు. ఇక గ్రాస్ 21,000 లోపు ఉన్నవాళ్లకి ఈఎస్‌ఐ కింద 0.75 శాతం పోతుంది. మన ఉద్యోగికి అది వర్తించదు.

అసలు మెలిక ఆదాయపు పన్ను దగ్గర ఉంది. 2025–26 కొత్త పన్ను విధానం ప్రకారం లెక్క వేద్దాం. 14,40,000 లోంచి స్టాండర్డ్ డిడక్షన్ 75,000 తీసేస్తే 13,65,000. మొదటి నాలుగు లక్షల మీద పన్ను లేదు. నాలుగు నుంచి ఎనిమిది లక్షల వరకు 5 శాతం, అంటే 20,000. ఎనిమిది నుంచి పన్నెండు వరకు 10 శాతం, 40,000. పైన మిగిలిన 1,65,000 మీద 15 శాతం, 24,750. మొత్తం 84,750, దాని మీద 4 శాతం సెస్ కలిపితే 88,140. పన్నెండు నెలలకు పంచితే నెలకి 7,345. గ్రాస్ 12,75,000 లోపు ఉంటే రిబేట్ వల్ల ఈ పన్ను మొత్తం పోతుంది. కొత్త విధానంలో మనం కట్టే పీఎఫ్‌కి మినహాయింపు లేదు, అందుకే దాన్ని ఇక్కడ తీసివేయలేదు.

ఇప్పుడు 1,20,000 లోంచి 7,200, 200, 7,345 తీసేయండి. చేతికి 1,05,255. బోనస్ పూర్తిగా వస్తే దాని మీద పన్ను, సెస్ కలిపి 21,684 పోయి 1,17,316 మిగులుతుంది. కొన్ని కంపెనీలు రాబోయే బోనస్ మీది పన్నును కూడా ఏప్రిల్ నుంచే నెలనెలా కొంచెం కొంచెంగా పట్టుకుంటాయి. అప్పుడు నెల జీతం మరో 1,807 తగ్గి కనిపిస్తుంది. పే స్లిప్‌లో టీడీఎస్ మన లెక్క కన్నా ఎక్కువగా ఉంటే మొదట చూడాల్సింది ఇదే.

లెక్క ఎక్కువగా తప్పేది ఏడాది మధ్యలో ఉద్యోగం మారినవాళ్లకి. అక్టోబరులో చేరిన కంపెనీకి పాత జీతం సంగతి తెలియదు. ఆరు నెలల 7,20,000 మాత్రమే చూసి, రిబేట్ లోపే ఉందని ఒక్క రూపాయి కూడా టీడీఎస్ పట్టదు. పాత కంపెనీ కూడా ఆ ఏడాది తన ఆరు నెలల జీతాన్నే చూసి సర్దితే అదే పని చేస్తుంది. జీతం 1,12,600 పడుతుంటే పెరిగిందనే అనిపిస్తుంది. జులైలో రిటర్ను వేసేటప్పుడు రెండు జీతాలూ కలిసి 88,140 పన్ను, ఆపైన వడ్డీ ఒక్కసారి కట్టాల్సి వస్తుంది. పాత జీతం, పాత టీడీఎస్ వివరాలు ఫారం 12బిలో రాసి చేరిన నెలలోనే కొత్త కంపెనీకి ఇస్తే, మిగిలిన నెలల మీద ఆ పన్నును వాళ్లే సర్దుతారు.