ప్రీపోన్ పాసైంది, అప్‌డేషన్ తప్పింది

‘పోస్ట్’ అంటే తరువాత, ‘పోన్’కు మూలమైన లాటిన్ మాటకు అర్థం ఉంచడం. తరువాతికి నెట్టేస్తే పోస్ట్‌పోన్ అయినప్పుడు, ముందుకు తెస్తే ప్రీపోన్ ఎందుకు కాకూడదు? ఈ లెక్కలో తప్పు లేదు. అది మనవాళ్లకు మాత్రమే తట్టిన లెక్కా కాదు. 1913లోనే న్యూయార్క్ టైమ్స్‌కు లేఖ రాసిన ఒకాయన పోస్ట్‌పోన్‌కు జోడీగా ఈ మాటను ప్రతిపాదించాడు. అక్కడ దాన్ని పట్టించుకున్నవాళ్లు లేరు. మన దగ్గర మాత్రం నోటికి పట్టేసింది.

నోటితో ఆగలేదు కూడా. రైల్వే నిబంధనల్లో ప్రయాణ తేదీ మార్పుకు పెట్టిన పేరే ప్రీపోన్‌మెంట్, పోస్ట్‌పోన్‌మెంట్. విచారణ తేదీని ముందుకు తెమ్మని కోర్టులో పెట్టుకునే అర్జీల్లోనూ ఈ మాట కనిపిస్తుంది. కాబట్టి దేశంలోపల రాసే ఆఫీసు ఉత్తరంలో ప్రీపోన్ వాడితే తప్పు పట్టాల్సిన పని లేదు. లండన్‌కో న్యూయార్క్‌కో రాసేటప్పుడు మాత్రం ‘బ్రాట్ ఫార్వర్డ్’ అనడం మర్యాద.

అయితే ఆ మర్యాదలో ఒక చిక్కుంది. బుధవారం మీటింగ్‌ను రెండు రోజులు ‘మూవ్డ్ ఫార్వర్డ్’ అని చెప్పి, ఇప్పుడు ఏ రోజని మనస్తత్వ శాస్త్రవేత్తలు ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవాళ్లనే అడిగారు. కొందరు సోమవారం అన్నారు, కొందరు శుక్రవారం అన్నారు. ‘ప్రీపోన్డ్’ అంటే ఈ గొడవే లేదు, సోమవారమే. అందుకే పరాయి దేశానికి రాసేటప్పుడు ఏ మాట వాడినా, పాత తేదీ, కొత్త తేదీ రెండూ పక్కపక్కన వేయాలి.

ప్రీపోన్‌ది ముందుభాగం మార్చి చేసిన కొత్త మాట. చివరికి తోక తగిలించి చేసేవి ఇంకో రకం. ఇందులో అప్‌గ్రేడేషన్, అప్‌డేషన్ చూడటానికి కవలల్లా ఉంటాయి కానీ తేడా ఉంది. గ్రేడ్‌కు గ్రేడేషన్, డీగ్రేడ్‌కు డీగ్రడేషన్ ముందే ఉన్నాయి కనుక అప్‌గ్రేడేషన్‌కు ఒక దారి దొరికింది. 1999లో కేంద్రం జౌళి పరిశ్రమకు తెచ్చిన టెక్నాలజీ అప్‌గ్రేడేషన్ ఫండ్ స్కీమ్ పేరులోకే ఎక్కింది. అప్‌డేషన్ మాత్రం చెవి చేసిన మోసం. క్రియేట్‌కు క్రియేషన్ ఉంది కదా, అప్‌డేట్‌కు అప్‌డేషన్ ఉండాలనుకున్నారు. కానీ క్రియేట్ చివరి ‘ఏట్’ ప్రత్యయం, అప్‌డేట్‌లోది డేట్ అనే మాటలో ముక్క. పైగా ‘అప్‌డేట్’ అన్నదే నామవాచకంగా కూడా పనికొస్తుంది, తోక అవసరమే లేదు. ఆధార్ సెంటర్ బయట బోర్డు మీద అప్‌డేషన్ చెల్లుతుందేమో కానీ, జాగ్రత్తగా దిద్దే ఎడిటర్ కొట్టేస్తాడు. నేనైనా కొట్టేస్తాను.

కో-బ్రదర్ అన్నది జంట మాట. బ్రదర్-ఇన్-లా అంటే బావమరిది కావచ్చు, మరిది కావచ్చు, బావ కావచ్చు, తోడల్లుడూ కావచ్చు. ఇంత కలగాపులగం మన ఇళ్లలో చెల్లదు గనుక తోడల్లుడికి విడిగా కో-బ్రదర్, తోడికోడలికి కో-సిస్టర్ పుట్టాయి. దక్షిణాది కోర్టు తీర్పుల్లో నిందితుడి కో-బ్రదర్ సాక్షిగా రావడం మామూలే. వింధ్య దాటితే దీని అర్థం ఎవరికీ తెలియదు. వీసా కాగితాల్లో ‘భార్య చెల్లెలి భర్త’ అని ఇంగ్లిష్‌లో విడమరిచి రాయడమే క్షేమం.

నామవాచకాన్ని క్రియగా, మనిషిగా మార్చేయడం పోలీసు స్టేషన్ల అలవాటు. ఛార్జిషీట్ నుంచి ఛార్జిషీటెడ్, రౌడీషీట్ నుంచి రౌడీషీటర్. పోలీసు, పత్రికా రాతల్లో ఇవి నిలదొక్కుకున్నాయి. మంత్రి ఢిల్లీకి ‘ఎయిర్‌డ్యాష్’ అవడం హెడ్డింగ్‌లో చోటు కలిసొచ్చే సంగతే తప్ప, నివేదికలో రాసేది కాదు. ఎంథు, ఫండా, అకాడ్స్ లాంటి తోక తెగిన మాటలు హాస్టల్ గేటు దాటకూడదు.

ఒకసారి దొరికిన ఆమోదం పోవడమూ ఉంది. ఈవ్-టీజింగ్ కూర్పులో వ్యాకరణ దోషం లేదు. 1998లో తమిళనాడు చట్టం పేరులోనే ఉంది, 2012లో సుప్రీంకోర్టు తీర్పులోనూ ఉంది. కానీ ‘టీజింగ్’ అంటే సరదాగా ఆట పట్టించడం. వేధింపును ఆ మాటతో చెబితే నేరం చిన్నబోతుందని మహిళా సంఘాలు ఎప్పటినుంచో అంటున్నాయి. తమిళనాడు ఆ చట్టం పేరును తరువాత ‘మహిళల వేధింపు’గా మార్చింది. 2013లో శిక్షాస్మృతిని సవరించినప్పుడు కేంద్రం ‘సెక్సువల్ హరాస్‌మెంట్’, ‘స్టాకింగ్’ అనే మాటలనే నేరాల పేర్లుగా రాసింది. ఇప్పుడు ఫిర్యాదు రాసేవాళ్లు వాడాల్సినవీ అవే.