చెరిగిపోయిన ప్రతి కోసం

విజయవాడ ఏలూరు రోడ్డు ప్రచురణకర్తల పుస్తకం అచ్చుకు వెళ్లేలోగా, దాని వర్డ్ ఫైలు ఎన్నోసార్లు మారుతుంది. సాయంత్రం 4:10కి ఎవరో నాలుగు కథలు తీసేసి, అదే పేరుతో సేవ్ చేశారనుకుందాం. పాత ప్రతి ఎక్కడుంటుంది?

వర్డ్ ఇంకా మూసెయ్యకపోతే ముందు `Ctrl+Z` నొక్కి చూడాలి. సేవ్ చేసిన తర్వాత కూడా అది వెనక్కి తీసుకెళ్తుంది. ఆటోరికవర్ ఫైళ్ల మీద మాత్రం ఆశ పెట్టుకోకూడదు. అవి కరెంటు పోయినప్పుడు ఆదుకోవడానికి పుట్టినవి. ఫైలును సవ్యంగా సేవ్ చేసి మూస్తే వర్డే వాటిని తుడిచేస్తుంది.

అసలైన ఆసరా ఫైల్ హిస్టరీ. విండోస్ 8తో వచ్చిన ఈ ఏర్పాటును ముందే ఆన్ చేసి ఉంచితే, మారిన ఫైళ్లను గంటకోసారి వేరే డ్రైవులోకి నకలు తీస్తుంది. ఆ డ్రైవు తెరిస్తే ఇలాంటి పేర్లు కనిపిస్తాయి:

```
Kathalu (2025_01_20 09_58_14 UTC).docx
Kathalu (2025_01_20 10_58_20 UTC).docx
```

వీటిని చూసి ఉదయం నకళ్లనుకుని పక్కన పెట్టేస్తే పొరపాటే. ఆ వేళలు మనవి కావు. ఐదున్నర గంటలు కలపాలి. మొదటిది మధ్యాహ్నం 3:28 నాటిది, కథలన్నీ ఉన్న ప్రతి అదే. రెండోది 4:28 నాటిది, అప్పటికే కథలు పోయాయి. 3:28 నుంచి 4:10 దాకా చేసిన దిద్దుబాట్లు మాత్రం మొదటి ప్రతిలో దొరకవు. దొరికిన ప్రతిని ఇప్పటి ఫైలు మీద పెట్టకుండా వేరే ఫోల్డరులోకి కాపీ చేసుకోవాలి, లేకపోతే తర్వాత చేసిన పనీ పోతుంది.

చిక్కల్లా డి డ్రైవుతోనే. ఫైల్ హిస్టరీ మామూలుగా డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ వంటి ఫోల్డర్లనే చూస్తుంది. డి డ్రైవులో దాచిన పని ఫోల్డరును మనమే దాని జాబితాలో చేర్చాలి.

షాడో కాపీ పద్ధతి వేరు. ఇది మొత్తం ఫైలును నకలు తీయదు. డిస్కులో ఒక ముక్క మీద కొత్త రాత పడబోయే ముందు, పాత ముక్కను పక్కన దాచుకుంటుంది. అందుకే చోటు తక్కువ పడుతుంది. ఆ చోటు నిండితే పాతవి పోతాయి. రీస్టోర్ పాయింటు పడినప్పుడే ఈ ఏర్పాటు మొదలవుతుంది కాబట్టి, ఉదయం పాయింటు పడితే ఉదయపు ప్రతే దొరుకుతుంది. షాడో కాపీలు ఉన్నాయో లేదో అడ్మినిస్ట్రేటర్ కమాండ్ ప్రాంప్టులో తెలుస్తుంది:

```
vssadmin list shadows /for=D:
```

ఉంటే ఫైలు మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో `Previous Versions` తెరవాలి. డి డ్రైవుకు సిస్టమ్ ప్రొటెక్షన్ విడిగా ఆన్ చేసి ఉండకపోతే అక్కడ ఏమీ ఉండదు.

ఇవేవీ లేకపోతే మిగిలేది ఒక్కటే. వర్డ్ సేవ్ చేసేటప్పుడు కొత్త ప్రతిని ముందు తాత్కాలిక ఫైలుగా రాసి, ఆపైన పాతదాన్ని తొలగిస్తుంది. హార్డ్ డిస్క్ అయితే వెంటనే ఆ డ్రైవు మీద పని ఆపేసి, తొలగిన ఫైళ్లను వెలికితీసే సాఫ్ట్‌వేరుతో వెతకవచ్చు. ఎస్‌ఎస్‌డీలో ట్రిమ్ ఆదేశం ఖాళీ అయిన చోటును త్వరలోనే తుడిపించేస్తుంది కాబట్టి, అక్కడ దొరకడం అరుదు.