బ్యాక్‌టెస్ట్ ఫలితం రెండోసారీ అదే రావాలంటే

ఒక ట్రేడింగ్ నియమాన్ని పాత ధరల మీద నడిపి, లాభనష్టాలు ఎలా ఉండేవో లెక్కగట్టడమే బ్యాక్‌టెస్ట్. అదే నియమాన్ని, అదే కాలానికి, కొన్ని నెలల తర్వాత మళ్లీ నడిపితే ఒక్కోసారి లాభం వేరుగా వస్తుంది. ప్రోగ్రాములో అక్షరం కూడా మారకపోవచ్చు, కింద ఉన్న ధరలే మారిపోయి ఉంటాయి.

రిలయన్స్ ఇండస్ట్రీస్ 2024 అక్టోబరులో 1:1 బోనస్ ఇచ్చింది. షేర్ల సంఖ్య రెట్టింపై, ధర సగానికి దిగింది. చార్టులో అది పతనంలా కనిపించకుండా, సవరించిన ధరలు ఇచ్చే డేటా సంస్థలు అంతకుముందు ధరలన్నిటినీ సగం చేస్తాయి.

ఒక నియమం ఇలా ఉందనుకుందాం: 20 రోజుల సగటు ధర 50 రోజుల సగటును దాటి పైకి వెళ్తే కొనాలి, కిందికి దిగితే అమ్మాలి. కొన్న ధర కంటే 40 రూపాయలు పడితే స్టాప్‌లాస్. రెండు సగటులూ సగమే అవుతాయి కాబట్టి అవి ఒకదాన్నొకటి దాటే రోజులు మారవు. స్టాప్‌లాస్ మాత్రం మారుతుంది. బోనస్‌కు ముందు దించుకున్న డేటాలో 2,600కు కొంటే స్టాప్ 2,560. ధర 2,540కి పడితే షేరు అమ్ముడైపోతుంది. సవరించిన డేటాలో కొన్న ధర 1,300, స్టాప్ 1,260, పడిన ధర 1,270. షేరు చేతిలోనే ఉండిపోతుంది.

అందుకే దించుకున్న ఫైలును తేదీతో పేరు పెట్టి దాచాలి, దానిపై మళ్లీ రాయకూడదు. కొత్త డేటా వేరే ఫైలుగా ఉండాలి. ఫైలు మారలేదని తేల్చుకోవడానికి ఈ కమాండ్ చాలు:

```
sha256sum reliance_2024-10-01.csv
```

ఇది ఫైలుకు ఒక పొడవాటి సంకేతం ఇస్తుంది. లోపల ఒక్క అంకె మారినా సంకేతం వేరవుతుంది.

ఆ సంకేతంతో పాటు ప్రతి పరీక్షకూ ఒక లాగ్ ఉండాలి: 20, 50, 40 అనే విలువలు, మొదటి, చివరి తేదీలు, బ్రోకరేజీ, స్లిపేజీ, ప్రోగ్రాము వెర్షన్, లైబ్రరీల వెర్షన్లు. వీటిని చేత్తో రాస్తే ఏదో ఒకటి మరుపున పడుతుంది. ప్రోగ్రామే నడిచిన ప్రతిసారీ రాసుకోవాలి.

మూడోది ట్రేడ్ల జాబితా. మొత్తం లాభం తేడా వచ్చిందని చెబుతుందే తప్ప ఎక్కడ వచ్చిందో చెప్పదు. కొన్న తేదీ, ధర, అమ్మిన తేదీ, ధర, సంఖ్య, అమ్మడానికి కారణం వరుసగా ఉంటే రెండు జాబితాలను పోల్చవచ్చు:

```
diff trades_old.csv trades_new.csv
```

బోనస్ తర్వాత ధరలు సగమవడంతో తొలి వరుస నుంచే తేడాలు కనిపిస్తాయి. అప్పుడు అమ్మిన తేదీ, కారణం అనే గడులను మాత్రమే పోల్చాలి. పాత జాబితాలో ‘స్టాప్‌లాస్’ అని, కొత్తదానిలో ‘సగటు దాటింది’ అని ఉన్న మొదటి ట్రేడు దగ్గరే చిక్కు ఉంది. స్టాప్‌ను రూపాయల్లో కాక శాతంలో పెడితే అది తీరుతుంది.

ఫలితం మళ్లీ అదే వచ్చినంత మాత్రాన నియమం సరైనదని కాదు. రేపటి ధరను ఈరోజే వాడుకున్న తప్పుడు ప్రోగ్రాము కూడా ప్రతిసారీ అదే లాభం చూపిస్తుంది. అయితే జాబితా భద్రంగా ఉంటే, ఆ తప్పును వెతికి పట్టుకోవడం మరొకరికీ సాధ్యమవుతుంది.