ఆ పదిహేడు వేలూ ఎక్కడికి పోతాయి?

2023 ఆగస్టులో మా మేనకోడలికి ఇంజనీరింగ్‌లో సీటొచ్చింది. ల్యాప్‌టాప్ కోసం ఇద్దరం సికింద్రాబాద్ సీటీసీకి వెళ్లాం. షాపతను రెండు మెషిన్లు పక్కపక్కన పెట్టాడు. కంపెనీ ఒకటే, బాడీ ఒకటే, స్క్రీన్ ఒకటే. రెండిట్లోనూ 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్ఎస్‌డీ. స్టిక్కరు మీద i5 అని ఉన్నది 55 వేలు, i7 అని ఉన్నది 72 వేలు. "ఐ7 అయితే నాలుగేళ్లు వెనక్కి తిరిగి చూసుకోనక్కర్లేదు సార్" అన్నాడు.

నేను ప్రాసెసర్ల పూర్తి పేర్లు అడిగాను. i5-1235U, i7-1255U. ఈ రెండూ 2022లో వచ్చిన ఒకే కుటుంబం చిప్‌లు. రెండిటికీ పది కోర్లే, అందులో పెద్దవి రెండు, చిన్నవి ఎనిమిది. క్యాష్ కూడా చెరో 12 ఎంబీ. లోపలి గ్రాఫిక్స్ ఐ7లో కాస్త మెరుగు. ఇక గరిష్ఠ వేగం ఐ5కి 4.4 గిగాహెర్ట్జ్, ఐ7కి 4.7. అంటే నిమిషం పట్టే పని మహా అయితే 56 సెకన్లలో అవుతుంది. అదీ ఎక్కువసేపు సాగదు. రెండూ 15 వాట్ల చిప్‌లే కాబట్టి పలచటి బాడీలో వేడెక్కగానే వేగం తగ్గించుకుని ఇంచుమించు ఒకేచోటికి వస్తాయి. ఆ నాలుగు సెకన్లకి 17 వేలు పెట్టడం నా దృష్టిలో దండగ.

అయితే డబ్బు తగ్గించుకోవాలని అదే షాపులో ముప్పై వేల లోపు మెషిన్ కొన్నా నష్టమే. దాంట్లో రెండే కోర్ల సెలెరాన్ N4500, 4 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ బదులు ఈఎంఎంసీ అనే నెమ్మదైన స్టోరేజీ. విండోస్ 11 కనీసంగా అడిగేదే 4 జీబీ. బ్రౌజర్‌లో నాలుగు ట్యాబులు తెరిస్తే ర్యామ్ నిండిపోయి, మిగిలిన భారమంతా ఆ స్టోరేజీ మీద పడుతుంది. ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటే తర్వాత పెంచుకునే దారీ ఉండదు. చేతిలో డబ్బు తక్కువున్న కుటుంబాలకే ఇది అంటగడతారు, నాకు బాధ అక్కడే.

బడ్జెట్ నిజంగా అంతే అయితే ఆఫీసుల్లో వాడి తీసేసిన ఐ5 మెషిన్ మేలు. విండోస్ 11 నడవాలంటే ఇంటెల్ చిప్ ఎనిమిదో తరానిదో, ఆ తర్వాతిదో అయి ఉండాలి. బ్యాటరీ పరీక్ష కొనేముందే చేయాలి. కమాండ్ ప్రాంప్ట్‌లో ఇది కొట్టండి:

```
powercfg /batteryreport
```

వచ్చిన ఫైల్లో DESIGN CAPACITY, FULL CHARGE CAPACITY అని రెండు అంకెలుంటాయి. మొదటిది 42,000 ఉండి రెండోది 25,000 ఉంటే, బ్యాటరీలో అరవై శాతమే మిగిలిందన్నమాట. కొత్త బ్యాటరీ ఖర్చు ధరలో తగ్గించమని గట్టిగా అడగండి.

పెట్టిన ప్రతి రూపాయికీ బాగా ఫలితం కనిపించేది ముప్పై నుంచి యాభై అయిదు వేల మధ్యలోనే. ఎస్ఎస్‌డీ రాగానే మెషిన్ ఆన్ చేసి ఎదురుచూసే బాధ పోతుంది. 16 జీబీ ర్యామ్ ఉంటే ప్రోగ్రామింగ్ చేసే పిల్లలు ఎడిటరూ బ్రౌజరూ కలిపి నడిపినా మొరాయించదు.

యాభై అయిదు దాటాక మీరు కొనేది వేగం కాదు, వేరే సుఖాలు. గేములు, త్రీడీ పనులు ఉన్నవాళ్లకి విడి గ్రాఫిక్స్ కార్డు అవసరమే. లేనివాళ్లు దానివల్ల రెండు కిలోలు దాటిన బరువు మోస్తారు, బ్యాటరీ తొందరగా అయిపోతుంది. స్క్రీన్ సంగతి మాత్రం వేరు. మా అమ్మాయి ఫోన్‌లోంచి వాళ్లక్క పెళ్లి ఫోటో రెండు మెషిన్లలో తెరిచింది. 55 వేలదాంట్లో మెరూన్ పట్టుచీర ఇటుక రంగులో కనిపించింది. పక్కనున్న 80 వేలదాంట్లో చీర చీరలాగే ఉంది. "మావయ్యా, ఇంత తేడానా!" అంది. కాగితం మీద ఆ తేడా 45% NTSC అనీ, 100% sRGB అనీ రాసుంటుంది. డిజైన్, వీడియో పనులు చేసేవాళ్లు ఆ డబ్బు పెట్టాల్సిందే. కోడ్ రాసుకునే పిల్లకి అక్కర్లేదు.

చివరికి అదే ఐ5లో 8 జీబీ మోడల్ 49 వేలకి ఉందని తెలిసింది. దాన్ని ఆన్ చేయించి టాస్క్ మేనేజర్‌లో మెమొరీ పేజీ చూశాను. Slots used: 1 of 2 అని ఉంది, Form factor దగ్గర SODIMM అని ఉంది. అంటే రెండో స్లాట్ ఖాళీ. అప్పట్లో 8 జీబీ స్టిక్ రెండు వేలు. అక్కడే వేయించాం. 51 వేలకి పదహారు జీబీల మెషిన్ పట్టుకుని సాయంత్రానికి ఇంటికొచ్చాం.