‘కాలిబ్రేషన్ బాగోలేదు’ అని రాస్తే చాలదు

క్వాలిటీ ఆడిట్ ముగిసే వేళకి ఫ్యాక్టరీలో అందరి నోటా ఒకటే ప్రశ్న: “ఎన్‌సీలు ఎన్ని?” నియమం ఒకటి చెబుతుంటే పని మరోలా జరుగుతోందని ఆడిటర్ పట్టుకున్న చోటే ఎన్‌సీ. దాన్ని కాగితం మీద పెడితే నాన్ కన్ఫార్మెన్స్ రిపోర్ట్. ఎన్ని వచ్చాయన్న దానికన్నా ఎలా రాశారన్నదే ముఖ్యమని నేనంటాను.

ఒక ఉదాహరణ అనుకుందాం. హైదరాబాద్ బాలానగర్‌లో ఉండేలాంటి ఒక చిన్న మెషీన్ షాపు. లేత్ మీద 25 మిల్లీమీటర్ల షాఫ్టులు తయారు చేస్తారు. ఫైనల్ ఇన్‌స్పెక్షన్ బల్ల మీదున్న మైక్రోమీటరుకి అంటించిన స్టిక్కరు ప్రకారం కాలిబ్రేషన్ గడువు మార్చి 31న తీరిపోయింది. ఆడిట్ జరుగుతున్నది జూన్ 12న. ఆ ఉదయం కూడా షాఫ్టులను దానితోనే కొలిచి జాబ్ కార్డు నింపారు.

తొందరపడే ఆడిటర్ ఇలా రాస్తాడు: “కాలిబ్రేషన్ వ్యవస్థ బాగోలేదు. సిబ్బంది నిర్లక్ష్యం కనబడింది.” ఇందులో ఏ పరికరమో లేదు, ఏ నియమమో లేదు. నిర్లక్ష్యం అన్నది ఆయన కంటితో చూసింది కాదు, ఊహించింది. మేనేజర్ “మా దగ్గర అన్నీ సరిగానే ఉన్నాయండీ” అంటే ఆడిటర్ చూపడానికి ఏమీ మిగలదు.

తెలిసిన ఆడిటర్ ముందు సాక్ష్యం రాస్తాడు: “ఫైనల్ ఇన్‌స్పెక్షన్‌లో వాడుతున్న ఎం-07 మైక్రోమీటరు కాలిబ్రేషన్ గడువు మార్చి 31న ముగిసింది. జూన్ 12న 318 నంబరు జాబ్ కార్డులోని కొలతలు దీనితోనే తీసుకున్నారు. పరిశీలించిన 12 పరికరాల్లో మిగతా 11 గడువులోనే ఉన్నాయి.” కొలిచిన మనిషి పేరు ఉండదు, తప్పు పట్టింది పద్ధతిని కాబట్టి. ‘మైక్రోమీటరు తప్పు చూపిస్తోంది’ అన్న మాటా ఉండదు. గడువు తీరినంత మాత్రాన కొలత తప్పని కాదు, సరైనదేనని చెప్పే ఆధారం లేదని మాత్రమే. ఆ ఆఖరి వాక్యం మీదే ఎన్‌సీ చిన్నదా పెద్దదా అన్నది ఆధారపడుతుంది. పన్నెండింటిలో ఒకటి తప్పితే సాధారణంగా మైనర్. సగం తప్పినా, అసలు రిజిస్టరే లేకపోయినా మేజర్ అవుతుంది.

తరవాత ఉల్లంఘించిన నియమం. ఐఎస్ఓ 9001:2015లో 7.1.5.2 క్లాజు దీనికి వర్తిస్తుంది. కొలత పరికరాలను నిర్ణీత వ్యవధుల్లో గానీ వాడే ముందు గానీ, జాతీయ లేదా అంతర్జాతీయ ప్రమాణాలతో ముడిపడిన వాటితో సరిచూడాలన్నది దాని సారాంశం. కొత్తవాళ్లు ఇక్కడే పొరబడతారు. ఏడాదికోసారి చేయించాలని ఆ క్లాజులో ఎక్కడా లేదు. ఆ వ్యవధిని కంపెనీ తన ప్రొసీజర్‌లో తానే పెట్టుకుంది. అందుకే క్లాజుతో పాటు ప్రొసీజర్ నంబరు, అందులోని వాక్యం కూడా రాయాలి. లేకపోతే “ఏడాది అని ఎవరన్నారు?” అన్న ప్రశ్నకి జవాబుండదు.

చివరిది, కోరే చర్య. సలహాలివ్వాలని చెయ్యి దురద పెట్టేది ఇక్కడే. ‘సాఫ్ట్‌వేర్ కొనండి’, ‘సిబ్బందికి ట్రైనింగ్ ఇవ్వండి’ అని రాయకూడదు. సర్టిఫికేషన్ సంస్థల ఆడిటర్లు కారణాన్నీ పరిష్కారాన్నీ సూచించకూడదని వాళ్లకు వర్తించే ప్రమాణమే చెబుతోంది. అడగాల్సింది ఇంతే: ఈ పరికరాన్ని వెంటనే ఏం చేశారు, ఏప్రిల్ నుంచి దీనితో కొలిచి పంపిన షాఫ్టుల సంగతేమిటి, గడువు ఎందుకు తప్పింది, మళ్లీ తప్పకుండా ఏం మార్చారు, ఏ తేదీలోగా.

“కాలిబ్రేషన్ చేయించాం, సిబ్బందిని హెచ్చరించాం” అన్న జవాబు తరచుగా వస్తుంది. అది జరిగిన తప్పును సరిదిద్దడమే తప్ప కారణాన్ని తీసేయడం కాదు. ఈ షాపులో తవ్వితే తేలిందేమిటంటే, మైక్రోమీటరును స్టోర్స్ నుంచి ఇన్‌స్పెక్షన్‌కి మార్చినప్పుడు రిజిస్టరులో చోటు మార్చలేదు. కాలిబ్రేషన్‌కి పంపే రోజున స్టోర్స్‌లో వెతికి, దొరక్కపోయేసరికి దాన్ని వదిలేసి మిగతావి పంపేశారు. హెచ్చరికతో ఇది ఆగదు. రిజిస్టరులో నమోదు కానిదే పరికరం చోటు మారకూడదని ప్రొసీజర్ మార్చాలి. కాలిబ్రేషన్‌లో మైక్రోమీటరు అనుమతించిన తేడా దాటిందని తేలితే, అప్పటికే పంపిన షాఫ్టుల కొలతలు చెల్లుతాయో లేదో తేల్చాలని కూడా అదే క్లాజు అడుగుతుంది. అవసరమైతే కొనుగోలుదారుకి చెప్పాల్సిందే.

మార్చిన ప్రొసీజర్, కొత్త సర్టిఫికెట్, సరిచేసిన రిజిస్టరు చూశాకే ఆడిటర్ ఎన్‌సీని మూసేస్తాడు. కొత్త స్టిక్కరు ఫొటో ఒక్కటీ పంపితే మూయకూడదు.