రౌటర్ లేని చోట ఫోన్ నుంచి ప్రింట్

ఊళ్లో చిన్న కొట్టు. బ్రాడ్‌బ్యాండ్ లేదు, నెట్ అంతా ఫోన్ డేటాతోనే. కొత్తగా కొన్న వైఫై ప్రింటర్‌కి రౌటర్ కూడా కావాలేమో అనుకుంటారు చాలామంది. అక్కర్లేదు. ఇప్పుడొచ్చే వైఫై ప్రింటర్లలో చాలావాటికి వైఫై డైరెక్ట్ అనే పద్ధతి ఉంటుంది. అందులో ప్రింటరే సొంతంగా చిన్న వైఫై నెట్‌వర్క్ నడుపుతుంది. ఫోన్ నేరుగా దాంట్లో చేరుతుంది.

హెచ్‌పీ ప్రింటర్, ఆండ్రాయిడ్ ఫోన్ ఉన్నాయనుకుందాం. ముందు ప్రింటర్ మీది సమాచారం బటన్ నొక్కి, వివరాల కాగితం తీయాలి. `DIRECT-` అని మొదలయ్యే నెట్‌వర్క్ పేరు, పాస్‌వర్డ్ దానిమీద ఉంటాయి. ఫోన్ వైఫై జాబితాలో ఆ పేరు ఎంచుకుని పాస్‌వర్డ్ కొట్టాలి. తర్వాత ఫోన్‌లోని పీడీఎఫ్ తెరిచి `Print` నొక్కితే, ప్రింటర్ల జాబితాలో మీది కనిపిస్తుంది. ఐఫోన్‌లోనూ ఇంతే. ప్రింటర్‌కి ఎయిర్‌ప్రింట్ ఉంటే వేరే యాప్ అవసరం లేదు.

చిక్కంతా ఇక్కడే వస్తుంది. ప్రింటర్ ఇచ్చే వైఫైలో ఇంటర్నెట్ ఉండదు. అది గమనించిన ఫోన్, ఈ నెట్‌వర్క్ పనికిరాదనుకుని మొబైల్ డేటాకి మళ్లుతుంది. ప్రింట్ పంపితే ప్రింటర్ దొరకలేదంటుంది. మనమేమో ప్రింటర్ పాడైందనుకుంటాం. ఇంటర్నెట్ లేకపోయినా ఇందులోనే ఉండాలా అని ఫోన్ అడిగినప్పుడు ఉండమనాలి. అసలు అడగకపోతే, ప్రింట్ అయ్యేదాకా మొబైల్ డేటా ఆపేయడమే తేలిక.

తప్పు ఎక్కడుందో తేల్చుకోవడానికి ఒక పరీక్ష ఉంది. ఫోన్ బ్రౌజర్‌లో `192.168.223.1` అని కొట్టండి. హెచ్‌పీ ప్రింటర్లు వైఫై డైరెక్ట్‌లో సాధారణంగా వాడే చిరునామా ఇది. ప్రింటర్ సొంత పేజీ తెరుచుకుంటే దారి బాగానే ఉందన్నమాట. అప్పుడు ఫోన్ సెట్టింగ్స్‌లో ప్రింట్ సర్వీస్ ఆన్‌లో ఉందో లేదో చూడాలి. పేజీ తెరుచుకోకపోతే ఫోన్ ఇంకా మొబైల్ డేటా దారిలోనే పోతోందని అనుమానించాలి.

డేటా ఆపేస్తాం కాబట్టి ఫైల్ ముందే ఫోన్‌లోకి దించుకోవాలి. గూగుల్ డ్రైవ్‌లో ఉన్న హాల్ టికెట్ అప్పటికప్పుడు తెరుచుకోదు. వాట్సాప్‌లో వచ్చిన పీడీఎఫ్‌ అయినా ఒకసారి తెరిచి చూసుకున్నాకే ప్రింటర్ వైఫైకి మారాలి.

కొట్టులో పెట్టుకునేవారు పాస్‌వర్డ్ సంగతి మరవకూడదు. కొన్ని మోడళ్లలో అది `12345678` అనే వస్తుంది. మార్చకపోతే పక్కవాళ్లెవరైనా చేరి ప్రింట్లు తీసుకోవచ్చు. ఇందాక చెప్పిన పేజీలోనే మార్చుకోవచ్చు.

కొనేముందు ఒక మాట అడగండి. హెచ్‌పీ ప్లస్ రకం ప్రింటర్లకు వైఫై డైరెక్ట్ ఉన్నా, కంపెనీ షరతు ప్రకారం ఇంటర్నెట్ ఎప్పుడూ ఉండాలి. నెట్ లేని కొట్టుకి అవి సరిపడవు.