అమ్మ పంపిన ప్యానెల్ ఫొటో

ఒసాకాలో కొడుకింటికి వెళ్లిన తల్లికి జపనీస్ లిపి రాదు. వాషింగ్ మెషీన్ ప్యానెల్ ఫొటో తీసి, ఆఫీసులో ఉన్న కొడుక్కి పంపుతుంది. అప్పుడు బటన్లన్నిటికీ అర్థాలు రాసి పంపితే ఆమె ఇంకా తికమకపడుతుంది. నొక్కాల్సిన వాటి మీదే, నొక్కే వరుసలో 1, 2, 3 అని వేసి పంపాలి.

మొదటిది 入, అంటే ఆన్. పక్కనే ఉండే 切 ఆఫ్. తర్వాత コース నొక్కుతూ 標準 దగ్గర లైటు వెలిగేదాకా ఆగాలి. రోజువారీ బట్టలకు అదే. చివరగా スタート. చాలా మెషీన్లు కాసేపు తిరిగి, బట్టల బరువు చూసుకుని, ఎంత సబ్బుపొడి వెయ్యాలో చూపిస్తాయి. 0.8 అని వస్తే కొలత కప్పులో ముప్పావుకి కాస్త ఎక్కువ.

洗い, すすぎ, 脱水 దగ్గర ‘ఉతకడం, జాడించడం, పిండడం’ అని రాస్తే చాలు.

అసలు జాగ్రత్త 槽洗浄 దగ్గర. అందులోనూ 洗 ఉంటుంది కాబట్టి ఉతికే బటనే అనిపిస్తుంది. కానీ అది ఖాళీ టబ్బును శుభ్రం చేసే కోర్సు. కొన్ని మోడళ్లలో 11 గంటలు నడుస్తుంది. ఫొటోలో దాని మీద ఎర్రగా అడ్డంగా కొట్టేయాలి. ముప్పావుగంట చూపించాల్సిన చోట గంటలు కనిపిస్తే, వెంటనే 切 నొక్కి మళ్లీ మొదలుపెట్టమనాలి.